కూలిన గోడకు విలువ కట్టడం: హిరోషిమా డోమ్‌ను బట్టి ప్రాముఖ్య ప్రకటన రాయడం

పాత కట్టడాన్ని బాగుచేయాలన్నా, దాన్ని కొత్త పనికి వాడుకోవాలన్నా, దాని పక్కన ఎత్తయిన భవనానికి అనుమతి ఇవ్వాలా వద్దా తేల్చాలన్నా ముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి. ఈ కట్టడంలో ఏది పోతే దాన్ని కాపాడుకోవడంలో అర్థమే ఉండదు? ఆ జవాబును రాసి పెట్టే పత్రాన్ని వారసత్వ పరిరక్షణ రంగంలో స్టేట్‌మెంట్ ఆఫ్ సిగ్నిఫికెన్స్ అంటారు. ఈ వ్యాసంలో దాన్ని ప్రాముఖ్య ప్రకటన అందాం. ప్రకటన వరకు చూస్తే ఒకటి రెండు పేజీలే ఉంటుంది. దాని వెనక మాత్రం పాత రికార్డులు, కొలతలు, ఫొటోలు, ఇతర కట్టడాలతో పోలికలు, ఆ చోటుతో సంబంధమున్న మనుషులతో మాట్లాడి తెలుసుకున్న విషయాలు చాలా ఉంటాయి.

ఇలాంటి పత్రాలు ఎక్కువగా చెడేది ఒకే చోట. రాసేవాళ్లు కట్టడం చరిత్ర మొత్తం చెబుతారు. అందమైనది, అపురూపమైనది, సాటిలేనిది అని కూడా రాస్తారు. తీర్పు మాత్రం చెప్పరు. రేపు ఒక ఇంజినీరు వచ్చి ఫలానా గోడను విప్పి మళ్లీ కట్టవచ్చా అని అడిగితే ఆ పత్రంలో జవాబు దొరకదు. ప్రాముఖ్య ప్రకటనలో ఉండాల్సింది వాదన. ఈ విలువ ఉంది, ఫలానా భాగంలో ఉంది, ఫలానా ఆధారం వల్ల అలా అంటున్నాం, మిగతా విలువలకంటే ఇది ఇంత బరువైనది అని చెప్పగలగాలి. ఇది ఎలా సాధ్యమో ఒక కష్టమైన కట్టడం తీసుకుని చూస్తే బాగా తెలుస్తుంది. జపాన్‌లోని హిరోషిమాలో అణుబాంబుకు కూలి శిథిలంగా నిలిచిన గెన్‌బాకు డోమ్, అంటే అణుబాంబు గుమ్మటం, అలాంటిది. అక్కడ విలువ ఉన్నది కట్టినదాంట్లో కాదు, కూలినదాంట్లో.

ముందుగా తెలిసిన సంగతులు

మోతోయాసు నది ఒడ్డున ఈ భవనం 1915లో పూర్తయింది. రూపకర్త యాన్ లెట్సెల్ అనే చెక్ వాస్తుశిల్పి. ఇటుక గోడలు, వాటి మీద రాతి పలకలు, సిమెంటు పూత, మధ్యలో ఉక్కు చట్రం మీద రాగిరేకులు కప్పిన గుమ్మటం. హిరోషిమా ప్రిఫెక్చర్ అనే పాలనా ప్రాంతంలో తయారైన వస్తువులను ప్రదర్శించి అమ్మడానికి దీన్ని కట్టారు. తర్వాత పేరు రెండుసార్లు మారింది. 1933 నుంచి పారిశ్రామిక ప్రోత్సాహక భవనం అన్నారు. యుద్ధం చివరికి వచ్చేసరికి ఇందులో ప్రభుత్వ కార్యాలయాలు నడిచేవి.

1945 ఆగస్టు 6 ఉదయం 8:15కు అణుబాంబు దాదాపు 600 మీటర్ల ఎత్తులో పేలింది. ఆ బిందువుకు సరిగ్గా కింద ఉన్న చోటు నుంచి ఈ భవనం సుమారు 160 మీటర్ల దూరంలోనే ఉంది. లోపల ఉన్నవాళ్లందరూ చనిపోయారు. పేలుడు తాకిడి దాదాపు నిలువుగా, పైనుంచి పడటం వల్ల మధ్య భాగంలోని గోడలు కొన్ని నిలబడ్డాయి. అంతస్తులు, కప్పు పోయాయి. గుమ్మటం రేకులు పోయి ఉక్కు చట్రం మిగిలింది.

ఆ శిథిలాన్ని ఏం చేయాలన్న దానిపై చాలా ఏళ్లు ఊరిలో ఏకాభిప్రాయం లేదు. ఉంచాలని కొందరు, చూస్తేనే ఆ రోజు గుర్తొస్తుంది కాబట్టి తీసేయాలని కొందరు. 1966లో నగర మండలి దీన్ని శాశ్వతంగా కాపాడాలని తీర్మానించింది. మరుసటి ఏడాది విరాళాల డబ్బుతో మొదటి పనులు జరిగాయి. పగుళ్లలోకి రెసిన్ ఎక్కించి, ఉక్కు ఆసరాలు పెట్టారు. 1995లో జపాన్ దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. 1996 డిసెంబర్‌లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది.

ఇవన్నీ నిజాలే, కానీ ఇంకా ప్రాముఖ్య ప్రకటన కాదు. చాలామంది ఇక్కడే ఆగి, పై మూడు పేరాలకు ఒక మెప్పు వాక్యం తగిలించి పని అయిపోయిందనుకుంటారు.

విలువల పట్టికతో వచ్చే చిక్కు

విలువలను వర్గాలుగా విడదీసి చూసే పద్ధతి పాతదే. 1903లో వియన్నాలో అలోయిస్ రీగ్ల్ అనే కళా చరిత్రకారుడు స్మారకాలకు ఉండే విలువలు ఒకదానితో ఒకటి ఎలా తగవు పడతాయో చూపించాడు. పాతదనాన్ని ఇష్టపడే చూపు కట్టడాన్ని దాని మానాన శిథిలమవనివ్వాలంటుంది. చరిత్ర ఆధారంగా చూసే చూపు ఇకపై ఏమీ మారకూడదంటుంది. కొత్తదనాన్ని ఇష్టపడే చూపు మొదటి రోజున ఉన్నట్టు మళ్లీ మెరవాలంటుంది. 1979లో ఆస్ట్రేలియాలో వచ్చిన బర్రా చార్టర్ అనే పరిరక్షణ నియమావళి ఈ ఆలోచనను పని పద్ధతిగా మార్చింది. దాని ఇప్పటి రూపంలో సౌందర్య, చారిత్రక, శాస్త్రీయ, సామాజిక, ఆధ్యాత్మిక విలువలు ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 2008లో వచ్చిన సూత్రావళి నాలుగు వర్గాలు వాడింది: సాక్ష్య విలువ, చారిత్రక విలువ, సౌందర్య విలువ, సమాజ విలువ.

ఏ పట్టిక వాడినా పెద్దగా తేడా రాదు. పట్టికను ఫారంలా నింపినప్పుడే చిక్కు వస్తుంది. ఐదు గళ్లుంటే ఐదింటిలోనూ ఏదో ఒకటి రాయాలనిపిస్తుంది. ప్రతి గడిలోనూ నాలుగు వాక్యాలు ఉంటే చదివేవాళ్లకు అన్నీ సమానంగా కనిపిస్తాయి. గెన్‌బాకు డోమ్‌ను అలా నింపితే ఏమవుతుందో చూడండి. సౌందర్య గడిలో లెట్సెల్ యూరప్ శైలి, గుమ్మటం, నదిలో కనిపించే ప్రతిబింబం. చారిత్రక గడిలో వాణిజ్య ప్రదర్శనలు, కళా ప్రదర్శనలు, బాంబు. సామాజిక గడిలో శాంతి. అన్నీ ఒకే పొడవు. ఈ పత్రం చేతిలో పెట్టుకుని ఎవరైనా 1915 నాటి భవనాన్ని మళ్లీ కట్టాలని వాదించవచ్చు, ఎందుకంటే సౌందర్య విలువ కూడా ఉందని మీరే రాశారు కదా అంటారు. దాన్ని కాదనడానికి పత్రంలో ఒక్క వాక్యం కూడా ఉండదు.

అందుకే పట్టికను ఏదీ మరిచిపోకుండా వెతకడానికి మాత్రమే వాడాలి. వెతకడం అయ్యాక దాన్ని పక్కన పెట్టి, దొరికినవాటిని బరువు తూయాలి.

చిన్న ఉదాహరణ ఒకటి. 1919లో ఈ భవనంలో జర్మన్ యుద్ధఖైదీలు తయారు చేసిన వస్తువుల ప్రదర్శన జరిగింది. కార్ల్ యూఖ్‌హైమ్ అనే ఖైదీ అందులో బౌమ్‌కూఖెన్ అనే జర్మన్ కేక్ పెట్టాడు. ఇప్పుడు జపాన్‌లో ఎంతో ఇష్టంగా తినే ఆ కేక్ చరిత్ర అక్కడి నుంచి మొదలవుతుంది. ఆసక్తికరమైన నిజం. చరిత్ర రాసేవాళ్లు దీన్ని వదులుకోలేరు, వదలకూడదు కూడా. కానీ ప్రకటనలో దీని బరువెంత? ఆ సంఘటన ఆనవాలు భవనంలో ఎక్కడా లేదు. ఏ గోడ పోయినా ఆ సంగతి తగ్గదు, ఏ గోడ మిగిలినా పెరగదు. కాబట్టి అది నేపథ్య చరిత్రలో ఉంటుంది, ప్రకటనలోకి రాదు. ఒక సంగతి నిజమైనంత మాత్రాన అది కట్టడం విలువ అయిపోదు. ఈ వడపోత నొప్పిగానే ఉంటుంది. కష్టపడి వెతికి తెచ్చిన సమాచారాన్ని వదిలేయాల్సి వస్తుంది మరి.

ఏ రోజు నాటి కట్టడం ముఖ్యం?

ప్రతి పాత కట్టడానికీ చాలా దశలు ఉంటాయి. ప్రకటన రాసేవాళ్లు తప్పించుకోకూడని ప్రశ్న ఒకటుంది. ఏ దశ ఆనవాళ్లు ఎక్కువ విలువైనవి? డోమ్ విషయంలో మూడు జవాబులు సాధ్యం.

1915 నాటి భవనమే అసలు, బాంబు దాన్ని పాడు చేసింది అనేది ఒకటి. అప్పుడు మిగిలిన గోడలు అసంపూర్ణమైన ముక్కలవుతాయి, తిరిగి కట్టడం న్యాయమవుతుంది. రెండో జవాబు ప్రకారం ఇది ఒక శిథిలం, శిథిలాలకు వయసే అందం. అప్పుడు గోడల్లో మొక్కలు మొలిచినా, ఇటుకలు ఒక్కొక్కటిగా రాలినా అదీ దాని జీవితమే అని వదిలేయవచ్చు. మూడోది: ఇది ఒకే ఒక క్షణం వదిలిన ముద్ర. ఆ ఉదయం జరిగిన నష్టమే ఇక్కడి అసలు వస్తువు.

మూడోదే సరైన జవాబని గట్టిగా వాదించవచ్చు. ఇలాంటి వాణిజ్య భవనాలు ఆ కాలంలో మరెన్నో కట్టారు. లెట్సెల్ పనితనం గురించి తెలుసుకోవడానికి ఈ శిథిలంలో మిగిలింది తక్కువ. అణుబాంబు కింద, ఇంత దగ్గరలో ఒక కట్టడానికి ఏమవుతుందో భౌతికంగా చూపించే సాక్ష్యం మాత్రం ఇక్కడ ఉన్నంత స్పష్టంగా మరోచోట దొరకదు.

ఈ తీర్పు రాసిన వెంటనే పనిలో తేడా వస్తుంది. గోడ మీద రెండు పగుళ్లు ఉన్నాయనుకుందాం. ఒకటి పేలుడు వల్ల వచ్చింది. ఇంకొకటి ఆ తర్వాత వాననీరు దిగి, చలికి గడ్డకట్టి వచ్చింది. మామూలు భవనంలో రెండూ మరమ్మతు చేయాల్సినవే. ఇక్కడ మొదటిది సాక్ష్యం, దాన్ని కనపడకుండా పూడ్చేస్తే విలువ తగ్గుతుంది. రెండోది ఆ సాక్ష్యాన్ని తినేస్తున్న నష్టం, దాన్ని ఆపాలి. నేల మీద పడి ఉన్న ఇటుక ముక్కలు కూడా చెత్త కాదు, పడిన చోటే ఉండాలి. ఏ పగులు ఎప్పటిదో ఎలా తెలుస్తుందంటే, 1945 చివరి నెలల్లో తీసిన ఫొటోలు ఉన్నాయి, తర్వాతి కొలతల చిత్రాలు ఉన్నాయి. వాటితో ఒక్కో ముఖాన్ని పోల్చి చూడాలి. అంటే ఆ ఫొటోలు చరిత్ర విభాగంలో అలంకారానికి పెట్టేవి కావు, ప్రకటనకు ప్రధాన ఆధారాలు. ఏ ఆధారం మీద ఏ వాక్యం నిలబడిందో ప్రకటన వెనక ఉన్న నివేదికలో రాసి ఉంచాలి. లేకపోతే ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే మేస్త్రీ దగ్గర ఊహ తప్ప ఏమీ ఉండదు.

ఇక్కడ రీగ్ల్ చెప్పిన తగవు కూడా తేలిపోతుంది. పాతదనపు విలువ ఈ కట్టడంలో ఓడిపోవాలి. కాలం చేసే మార్పులను చాలా చోట్ల ఆదరిస్తాం. ఇక్కడ మాత్రం కాలం ఆ క్షణాన్ని చెరిపేస్తుంది. ఇలా ఒక విలువను గెలిపించి మరొక విలువను ఓడించి, కారణం చెప్పడాన్నే విలువలను తూయడం అంటున్నాం.

పోలిక లేని అరుదు

అరుదైనది అన్న మాటకు పోలిక చూపించకపోతే విలువ లేదు. దేనితో పోలిస్తే అరుదు? పోలికకు తీసుకునేవాటిని మనకు అనుకూలమైనవి మాత్రమే ఏరుకుంటే సంశయంతో చదివేవాళ్లు వెంటనే పట్టేస్తారు. ఎదురు వాదన చేసేవాళ్లు ఏవి తెస్తారో ముందే ఊహించి వాటినే తీసుకోవాలి.

డోమ్‌కు వ్యతిరేకంగా మొదట వచ్చే మాట ఇది: యుద్ధంలో కూలిన కట్టడాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. నిజమే. బెర్లిన్‌లో కైజర్ విల్‌హెల్మ్ స్మారక చర్చి 1943 బాంబు దాడిలో దెబ్బతింది. విరిగిన దాని గోపురాన్ని అలాగే ఉంచి, పక్కన ఎగోన్ ఐయర్‌మన్ రూపొందించిన కొత్త చర్చి కట్టారు. 1940లో బాంబులకు కూలిన కోవెంట్రీ కేథడ్రల్ గోడలను ఉంచి, పక్కనే కొత్తది కట్టారు, అది 1962లో ప్రారంభమైంది. డ్రెస్డెన్‌లోని ఫ్రావెన్‌కిర్ఖె ఇంకా చిక్కైన ఉదాహరణ. 1945లో కూలిన ఆ చర్చి దశాబ్దాల పాటు రాళ్ల గుట్టగానే స్మారకంగా ఉండి, చివరికి 2005 నాటికి మళ్లీ పూర్తిగా లేచి నిలబడింది. పాత రాళ్లను కొత్తవాటి మధ్య నల్లగా కనిపించేలా వాడారు. శిథిలాన్ని తిరిగి కట్టడం తప్పేమీ కాదని ఎవరైనా వాదిస్తే డ్రెస్డెన్‌నే చూపిస్తారు.

దానికి జవాబు ప్రకటనలోనే ఉండాలి. డ్రెస్డెన్‌లో చర్చి రూపం, ఆ నగరపు ఆకాశరేఖలో దాని గుమ్మటం, అందులో జరిగే ప్రార్థన అనే మూడు విలువలు కూలకముందే బలంగా ఉన్నాయి. అవి తిరిగి కట్టడం వల్ల కొంతవరకైనా తిరిగి వచ్చేవే. హిరోషిమా భవనానికి కూలకముందు ఉన్న విలువ ఆ స్థాయిది కాదు. తిరిగి కడితే వచ్చేది తక్కువ, పోయేది మొత్తం. పైగా యూరప్ ఉదాహరణలు మూడూ మామూలు బాంబుల నష్టాన్ని చూపిస్తాయి. అణుపేలుడు నష్టాన్ని చూపించవు.

అప్పుడు అసలైన పోలిక నాగసాకి అవుతుంది. అక్కడ ఉరకామి కేథడ్రల్ శిథిలాలు డోమ్‌కు సాటి రాగలిగేవి. వాటిని 1958లో తొలగించారు. ఒక గోడ ముక్కను పేలుడు కేంద్రం దగ్గరి పార్కుకు తరలించి, పాత చోట కొత్త చర్చిని 1959లో కట్టారు. అక్కడి క్రైస్తవ సంఘానికి తమ చోట ప్రార్థన మళ్లీ మొదలవడం ముఖ్యమైంది. దాన్ని తప్పుపట్టే హక్కు బయటివాళ్లకు లేదు. కానీ ఆ తొలగింపు తర్వాత హిరోషిమాలో మిగిలినదాని బరువు పెరిగింది. ఒక కట్టడాన్ని ముట్టుకోకుండానే దాని ప్రాముఖ్యం మారుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అందుకే ప్రకటన మీద తేదీ వేయాలి, పోలికలు ఎప్పటివో చెప్పాలి.

హిరోషిమాలోనే బాంబును తట్టుకున్న ఇతర కట్టడాలూ ఉన్నాయి. 1936లో కట్టిన జపాన్ బ్యాంకు పాత శాఖ భవనం అందులో ఒకటి. కాంక్రీటు బలం వల్ల నిలబడి, త్వరలోనే మళ్లీ పనిచేసింది. అది కోలుకోవడాన్ని చెబుతుంది, డోమ్ నాశనాన్ని చెబుతుంది. ఇలా రాస్తే ఒకదాన్ని పొగడటానికి మరొకదాన్ని తక్కువ చేయాల్సిన పని ఉండదు.

ఒప్పుకోని గొంతులు

సామాజిక విలువ దగ్గర పత్రాలు ఎక్కువగా బోలుగా ఉంటాయి. ప్రజల గుండెల్లో నిలిచింది అని రాస్తారు. ఏ ప్రజలు? ఏం చేశారు? ఆధారం మనుషులు చేసిన పనుల్లో ఉంటుంది. డోమ్ విషయంలో 1966 తీర్మానం ఉంది, పనులకు వచ్చిన విరాళాలు ఉన్నాయి, ఏటా ఆగస్టు 6న ఆ చుట్టుపక్కల జరిగే స్మరణ ఉంది. అంత గట్టి ఆధారాలు దొరకడం అదృష్టం. చిన్న కట్టడాలకు అయితే ఆ చోట ఎవరు కలుసుకుంటారు, మూసివేత మాట వచ్చినప్పుడు ఎవరు వచ్చి మాట్లాడారు, దాని కోసం ఎవరు పని చేశారు వంటివి వెతికి రాయాలి.

ఇక తీసేయమన్న బాధితుల సంగతి. వాళ్లు ఓడిపోయారు కాబట్టి వాళ్ల మాట రాయనక్కర్లేదని అనుకోవడం అన్యాయం, పైగా వాదనకు నష్టం కూడా. ఒక శిథిలాన్ని చూడలేక తీసేయమని అడిగారంటే, ఆ శిథిలం ఎంత బలంగా మాట్లాడుతోందో వాళ్లే సాక్ష్యం చెబుతున్నారు. వాళ్ల బాధను చెప్పి, నగరం ఆ తర్వాత ఏ నిర్ణయానికి వచ్చిందో చెబితే ప్రకటన నిజాయితీగా ఉంటుంది.

ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చేటప్పుడు కూడా అందరూ ఒప్పుకోలేదు. అమెరికా ఆ నిర్ణయం నుంచి తనను వేరు చేసుకుంది, బాంబు వేయడానికి ముందు జరిగిన చరిత్రను కలిపి చూడకపోతే చూపు సరిగా ఉండదంది. చైనా తన అభ్యంతరాన్ని నమోదు చేసింది. యుద్ధంలో ఇతర ఆసియా దేశాల ప్రజలు పడ్డ నష్టాన్ని కాదనేవాళ్లు దీన్ని వాడుకోవచ్చన్నది దాని భయం. ఈ అభ్యంతరాలను ఎదుర్కోవడానికి ప్రకటనకు ఒకే దారి ఉంది. కట్టడం రుజువు చేయగలిగినంతే చెప్పాలి. యుద్ధంలో ఎవరిది న్యాయం అన్నది ఆ ఇటుక గోడలు రుజువు చేయలేవు. ఒక్క బాంబు ఒక నగరం మధ్యలో ఏం చేసిందన్నది రుజువు చేయగలవు. ఆ హద్దు దాటిన ప్రతి వాక్యం పత్రాన్ని బలహీనం చేస్తుంది.

జాబితాలో చేర్చడానికి చూపిన ప్రమాణం కూడా దీన్నే సూచిస్తుంది. యునెస్కో ప్రమాణాలలో ఆరోది, అంటే ప్రపంచ ప్రాధాన్యం గల సంఘటనలు, ఆలోచనలు, విశ్వాసాలతో ఉన్న ముడి, ఒక్కటే దీనికి వర్తింపజేశారు. వాస్తుశిల్పం తాలూకు ప్రమాణాలను తోడుకు తెచ్చుకోలేదు. ఎక్కువ ప్రమాణాలు పెడితే కేసు బలంగా ఉంటుందనుకునేవాళ్లు ఈ ఎంపికను శ్రద్ధగా చూడాలి.

వాక్యాలు ఎలా ఉంటాయి

మొదట బలహీనమైన వాక్యం: "ఈ మహత్తర కట్టడం తన అపురూప వాస్తుశిల్పంతో, ఘన చరిత్రతో మానవాళి మొత్తానికి స్ఫూర్తినిచ్చే సాటిలేని స్మారకం." ఇందులో పేరు మార్చి ఏ కోటకైనా, ఏ వంతెనకైనా పెట్టవచ్చు. ఈ పరీక్షలో నిలబడని వాక్యాన్ని కొట్టేయడమే మంచిది.

ఇప్పుడు ఇంతవరకు చేసిన వాదనను ప్రకటనగా రాస్తే దాదాపు ఇలా ఉంటుంది:

"ఈ కట్టడం ప్రాముఖ్యం ప్రధానంగా 1945 ఆగస్టు 6న జరిగిన అణుపేలుడు దీని మీద వదిలిన భౌతిక ముద్రలో ఉంది. పేలుడుకు ఇంత దగ్గరలో, అదే చోట, అదే స్థితిలో మిగిలిన కట్టడంగా ఇది అసాధారణమైన సాక్ష్యం. కప్పులేని గోడలు, రేకులు పోయిన గుమ్మటం చట్రం, వంగిన ఉక్కు, పడిన చోటే ఉన్న శిథిలాలు ఈ విలువను మోస్తున్నాయి. నాగసాకిలో దీనికి సాటి రాగల శిథిలాన్ని తొలగించడం వల్ల దీని అరుదుతనం పెరిగింది.

నగరవాసులు తమలో తాము విభేదించి, చర్చించి, చివరికి 1966లో దీన్ని కాపాడాలని నిర్ణయించారు. అప్పటి నుంచి ఇది అణ్వాయుధాలు వద్దనే ప్రజా ఉద్యమానికి కేంద్ర స్థలం. ఈ సామాజిక విలువ కూడా అత్యున్నత స్థాయిది, అది ఈ చోటుతోనే ముడిపడింది, తరలించలేనిది.

స్మారక పార్కు మ్యూజియం నుంచి సమాధి స్మారకం మీదుగా డోమ్ వరకు సాగే దృష్టిరేఖ ప్రాముఖ్యంలో భాగం.

1915 నాటి రూపానికి, లెట్సెల్ పనితనానికి గుర్తించదగిన విలువ ఉంది. కానీ అది పై విలువలకు లోబడినది. ఏం నాశనమైందో అర్థం చేసుకోవడానికి ఎంత అవసరమో అంతవరకే. 1967 నుంచి చేర్చిన ఆసరాలకు కాపాడే ఉద్యమపు ఆనవాలుగా కొంత విలువ ఉంది. కట్టడాన్ని కాపాడటానికి అవసరమైతే వాటిని మార్చవచ్చు."

మూడో పేరాలోని దృష్టిరేఖ గురించి ఒక మాట. డోమ్ దగ్గరి శాంతి స్మారక పార్కు కోసం పెట్టిన పోటీలో 1949లో గెలిచిన వాస్తుశిల్పి కెంజో టాంగె తన రూపకల్పనలో డోమ్‌ను ఆ గీత చివర నిలిపాడు. అంటే గోడల దగ్గరే ఆగిపోయే ప్రకటన సగం ప్రాముఖ్యాన్ని బయట వదిలేసినట్టే. డోమ్ వెనక కట్టే ఎత్తయిన భవనం ఒక్క ఇటుకను కూడా తాకదు, అయినా నష్టం చేస్తుంది. ఆ భవనం మీద అభ్యంతరం చెప్పాలంటే ఆ వాక్యం ముందే పత్రంలో ఉండాలి. తవ్వకాలు మొదలయ్యాక చేరిస్తే దాన్ని వాదన కోసం కల్పించిందనే అంటారు.

చివరి పేరాలో విలువల స్థాయిలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో జేమ్స్ సెంపుల్ కెర్ 1980లలో వ్యాప్తిలోకి తెచ్చిన పరిరక్షణ ప్రణాళిక పద్ధతి నుంచి ఇలా భాగాల వారీగా స్థాయి చెప్పడం అలవాటైంది. అసాధారణం, చెప్పుకోదగ్గది, కొంత, స్వల్పం, విలువను చెడగొట్టేది వంటి మెట్లు వాడతారు. ఆ పద్ధతిలోనే ఇంకో క్రమశిక్షణ ఉంది. ముందు ప్రాముఖ్యం తేల్చాలి, ఆ తర్వాతే డబ్బు, వాడకం, కట్టడం స్థితి, అనుమతుల మాట ఎత్తాలి. క్రమం తిరగబడితే ఎలా తెలుస్తుందంటే, పత్రంలో తీసేయాలనుకున్న భాగాలన్నింటికీ విచిత్రంగా తక్కువ మార్కులు పడతాయి. గోడ పగిలి ఉంది కాబట్టి విలువ తక్కువ అనే వాక్యం కనిపించినా అదే జబ్బు. స్థితి వేరు, ప్రాముఖ్యం వేరు. డోమ్ కంటే పగిలిన గోడలు మరెక్కడుంటాయి?

పత్రాన్ని పనిలో పెట్టి చూడటం

రాసిన ప్రకటన పనికొస్తుందో లేదో తేలాలంటే ఒక కష్టమైన ప్రతిపాదనను దాని ముందు పెట్టి చూడాలి. వాన, ఎండ, గాలి నుంచి కాపాడటానికి డోమ్ మొత్తం మీద గాజు కప్పు కట్టాలని ఎవరో ప్రతిపాదించారనుకుందాం. ఇటుక, ఉక్కు అరిగిపోవడం బాగా తగ్గుతుంది. భౌతిక ముద్రే అత్యున్నత విలువ అన్నాం కాబట్టి, ఆ ముద్రను కాపాడే కప్పుకు ప్రకటన సరే అనాలేమో అనిపిస్తుంది.

ఇక్కడే మూడో పేరా పనికొస్తుంది. కప్పులేని గోడలు, ఆకాశం కనిపించే చట్రం కూడా ఆ ముద్రలో భాగమని మొదటి పేరా చెప్పింది. దూరం నుంచి కనిపించే రేఖ కూడా ప్రాముఖ్యమే అని మూడోది చెప్పింది. గాజు కప్పు పదార్థాన్ని కాపాడి, కనిపించే తీరును మార్చేస్తుంది. పగుళ్లలో రెసిన్, లోపలి ఆసరాలు, క్రమం తప్పని పరిశీలన వంటి తక్కువ జోక్యంతో పదార్థం నిలబడగలిగినంత కాలం కప్పుకు కాదనాలి. అలా నిలబడలేని రోజు వస్తే అప్పుడు రెండు అత్యున్నత విలువల మధ్య నిజమైన తగవు మొదలవుతుంది. ఏది ముందు వదులుకోవాలో పైన రాసిన నమూనా ఇంకా చెప్పలేదు, అది దాని లోపం. దాన్ని సరిచేయడానికి ఇంకో వాక్యం కావాలి: "పదార్థం, కనిపించే తీరు రెండింటినీ కాపాడటం కుదరనప్పుడు పదార్థానికే ముందు చోటు. ఎందుకంటే కప్పును ఎప్పుడైనా తీసేయవచ్చు, పోయిన ఇటుకను తేలేం." ఈ వాక్యంతో అందరూ ఏకీభవించాలని లేదు. చూపు చెడిన స్మారకం స్మారకమే కాదని వాదించేవాళ్లు ఉంటారు, వాళ్ల దగ్గర కూడా కారణాలుంటాయి. కానీ ఆ వాదన మొదలవ్వాల్సింది ప్రకటన రాసేటప్పుడు, ముసాయిదా బల్ల మీద ఉండగా, బాధితుల కుటుంబాలు, ఇంజినీర్లు, నగర అధికారులు అందరూ గదిలో ఉన్నప్పుడు.